మూత పెట్టిన గాజు తోట: డెల్టా చెమ్మలో తడిని, బూజును అదుపులో ఉంచే పద్ధతి

గాజు సీసాలో మొక్కలు నాటి మూత పెట్టిన టెర్రేరియం నెల తిరక్కుండానే బూజు పట్టి కుళ్లిపోయిందని, ఏం చేయాలని కోనసీమ నుంచీ భీమవరం, కాకినాడల నుంచీ చాలామంది అడుగుతున్నారు. వారి ఫొటోలు చూస్తే కారణం దాదాపు ఒకటే. పొడి గాలి వీచే ఊళ్లలో పనికొచ్చే పద్ధతిని ఇక్కడ యథాతథంగా పాటించారు. "తడి ఎక్కువైతే కాసేపు మూత తీయండి" అనే సలహా శ్రావణమాసంలో అమలాపురంలో పెద్దగా ఉపయోగపడదు. అప్పుడు గదిలోని గాలే తడితో నిండి ఉంటుంది.

అందుకే మన దగ్గర రెండు పనులు తప్పనిసరి. నీళ్లు తొలిరోజే కొలిచి పోయాలి. ఎక్కువైన నీటిని బయటికి లాగే దారిని సీసా నింపేటప్పుడే అమర్చుకోవాలి. ఈ రెండూ కుదిరితే బూజు చాలావరకు దానంతట అదే తగ్గుతుంది. కొలతలన్నీ సుమారు 18 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న 5 లీటర్ల గాజు సీసాకు చెబుతున్నాను. మీ సీసా చిన్నదో పెద్దదో అయితే అదే నిష్పత్తిలో మార్చుకోండి.

## 1. ఎప్పుడు మొదలుపెట్టాలి, ఎక్కడ ఉంచాలి

నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు అన్నిటికంటే అనువైన కాలం. వేడి తక్కువగా ఉంటుంది కాబట్టి కొత్తగా నాటిన వేళ్లు కోలుకోవడానికి వ్యవధి దొరుకుతుంది. వర్షాకాలంలోనూ మొదలుపెట్టవచ్చు, అయితే నీళ్ల విషయంలో రెట్టింపు జాగ్రత్త కావాలి. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం కొత్త సీసా నాటవద్దు. గదిలో 35 డిగ్రీలు దాటినప్పుడు కొత్త మొక్క వేరు పట్టేలోపే వడలిపోతుంది, వడలిన ఆకు కుళ్లుతుంది, కుళ్లిన ఆకు మీద బూజు లేస్తుంది.

సీసా మీద నేరుగా ఎండ పడకూడదు. మూసిన గాజులోకి వచ్చిన ఎండ వేడి బయటికి పోయే దారి ఉండదు. కిటికీలోంచి అరగంట పడే ఎండకే లోపలి ఆకులు ఉడికి నల్లబడతాయి. ఉత్తరపు కిటికీకి రెండు మూడు అడుగుల దూరం మంచి చోటు. తూర్పు కిటికీ అయితే పల్చటి తెర వేయండి. వెలుతురు తక్కువగా ఉన్న ఇంట్లో తెల్లని ఎల్ఈడీ దీపాన్ని అడుగు ఎత్తున అమర్చి రోజుకు 8 నుంచి 10 గంటలు వెలిగిస్తే సరిపోతుంది.

## 2. అడుగు పొరలు, మట్టి

సీసాకు కింద రంధ్రం లేదు. పోసిన నీరు, ఆ నీటితో వచ్చిన ఉప్పు అంతా లోపలే ఉండిపోతాయి. డెల్టాలో, ముఖ్యంగా సముద్రానికి దగ్గరి ఊళ్లలో, బోరు నీటిలో ఉప్పు ఎక్కువ. ఆ నీరు పోస్తే కొంతకాలానికి ఆకుల అంచులు మాడతాయి, గాజు మీద తెల్లటి పొర కడుతుంది. వాన నీళ్లు పట్టి దాచుకోండి, లేదా ఆర్వో నీళ్లు వాడండి.

మట్టిలోనూ ఇదే జాగ్రత్త. కొబ్బరి పొట్టు మన దగ్గర కావలసినంత దొరుకుతుంది, కానీ పచ్చి పొట్టులో ఉప్పు ఉంటుంది. బకెట్లో నానబెట్టి, గట్టిగా పిండి, నీళ్లు పారబోయండి. ఇలా మూడుసార్లు చేయండి. చివరిసారి నీరు ముదురు గోధుమ రంగు వదిలి లేత రంగులోకి రావాలి. ఇసుక నదిదే కావాలి. ఉప్పాడ, అంతర్వేది తీరాల ఇసుక తేవద్దు. పొలంలోని నల్లరేగడి అసలు వాడవద్దు. అది తడిస్తే ముద్దకట్టి వేళ్లకు గాలి అందకుండా చేస్తుంది.

పొరలు కింది నుంచి ఈ వరుసలో వేయండి:

- కడిగిన గులకరాళ్లు, 2 సెంటీమీటర్ల ఎత్తు
- రాళ్ల మీద గుండ్రంగా కత్తిరించిన నైలాన్ దోమతెర ముక్క, పైమట్టి రాళ్లలోకి జారకుండా
- మట్టి మిశ్రమం, 5 సెంటీమీటర్లు. అంటే సుమారు లీటరుంబావు. కడిగిన కొబ్బరి పొట్టు మూడు పాళ్లు, ముతక ఇసుక ఒక పాలు, శనగగింజంత కొట్టిన కట్టెబొగ్గు ఒక పాలు, బాగా మాగిన ఆకు ఎరువు అర పాలు

ఎరువు అంతకు మించవద్దు. బలం ఎక్కువైతే మొక్కలు రెండు నెలల్లో మూతను తాకుతాయి, బూజుకు కూడా మేత దొరుకుతుంది. పశువుల ఎరువు అసలు వద్దు.

ఇక అసలు కీలకం. అక్వేరియం దుకాణంలో గాలి పంపుకు తగిలించే సన్నటి ప్లాస్టిక్ గొట్టం అమ్ముతారు. దాన్ని అర జానెడు కత్తిరించి, రాళ్లు పోసేటప్పుడే ఒక అంచున గాజును ఆనుకుని అడుగు వరకు నిలబెట్టండి. పైకొస మట్టికి రెండు వేళ్ల ఎత్తున ఉండాలి. ఆకుల చాటున అది కనపడదు. అడుగున నీరు నిలిచిన రోజు సిరంజి తగిలించి లాగేయడానికి ఇదే దారి. ఇది లేకపోతే మొక్కలన్నీ పీకి మళ్లీ నాటడం తప్ప వేరే మార్గం ఉండదు.

## 3. ఏ మొక్కలు

కడియం, కడియపులంక నర్సరీలకు వెళితే చిన్న కుండీల్లో అందమైనవన్నీ కనిపిస్తాయి. వాటిలో సగం ఈ సీసాకు పనికిరావు. కావలసిన గుణాలు మూడే: ఎప్పుడూ తడిగా ఉండే గాలిని ఇష్టపడాలి, నెమ్మదిగా పెరగాలి, తక్కువ వెలుతురులో బతకాలి.

ఫిట్టోనియా మొదటి ఎంపిక. చిన్న ఆకు రకాన్ని తీసుకోండి. తడి గాలిలో చక్కగా పాకుతుంది, తుంచితే పక్క కొమ్మలు వేస్తుంది. దీని బలహీనత వేడి. చిన్న పెపరోమియాలు, చిన్న ఆకుల పైలియాలు, సెలాజినెల్లా కూడా బాగా ఇముడుతాయి. గోడల మీద పాకే ఫైకస్ ప్యూమిలా మన వాతావరణానికి గట్టిది, అయితే మిగతా మొక్కలను కమ్మేస్తుంది. నెలకోసారి కత్తెర పట్టే ఓపిక ఉంటేనే పెట్టండి.

పాత బావుల లోగోడల్లో, కాలువ గట్టు ఇటుకల సందుల్లో సన్నటి నల్లని కాడలతో పెరిగే ఫెర్నులు మీకు తెలిసే ఉంటాయి. అవి తడి గాలిలో బాగుంటాయి. పిల్ల మొక్కను వేరు తెగకుండా తెచ్చుకోవాలి. నాచును నీడ పడే గోడ మీది నుంచే తీయండి. ఎండ తగిలే పిట్టగోడ నాచు మూసిన సీసాలో సాగి, పాలిపోయి పోతుంది.

కలబంద, కాక్టస్ జాతులు, రసం నిండిన ఆకుల మొక్కలు, తులసి, పూల మొక్కలు వద్దు. వాటికి గాలి ఆడాలి, మట్టి మధ్యమధ్యలో ఆరాలి. సింగోనియం, మనీప్లాంటు మూసిన సీసాలో బతుకుతాయి, కానీ కొద్ది నెలల్లో స్థలమంతా ఆక్రమిస్తాయి.

5 లీటర్ల సీసాకు మూడు మొక్కలు, కొంత నాచు చాలు. తొలిరోజు ఖాళీగా కనిపించాలి, అదే సరైన లెక్క. ఆకులు ఒకదాని మీద ఒకటి పడితే ఆ మధ్యలో తడి ఆరదు, బూజు అక్కడే మొదలవుతుంది.

నర్సరీ నుంచి తెచ్చిన మొక్కను రెండు వారాలు విడిగా ఉంచి పిండినల్లి, పేనుబంక ఉన్నాయేమో చూడండి. నాటే ముందు వేళ్లకున్న మట్టిని, ఎరువు గుళికలను నీళ్లలో కడిగేయండి. పసుపు పడిన ఆకు, చిరిగిన ఆకు ప్రతి ఒక్కటీ తుంచేయండి. మూసిన సీసాలోకి వెళ్లిన దెబ్బతిన్న ఆకు కోలుకోదు.

## 4. నాటే రోజు నీళ్ల లెక్క

మట్టిని సీసాలో వేశాక తడపవద్దు. బయటే, బేసిన్‌లో కలిపేటప్పుడే కొద్దికొద్దిగా నీళ్లు చల్లుతూ తడపండి. గుప్పెడు తీసి గట్టిగా పిండండి. ముద్ద నిలవాలి, అరచేయి చెమ్మగిల్లాలి, వేళ్ల సందుల్లోంచి ఒక్క చుక్క కూడా కారకూడదు. చుక్క కారితే పొడి పొట్టు కలిపి మళ్లీ పరీక్షించండి.

నాటడం పూర్తయ్యాక గాజుకు అంటిన మట్టి దిగేలా, వేళ్ల చుట్టూ మట్టి సర్దుకునేలా 30 మిల్లీలీటర్లు చల్లితే చాలు. ఆసుపత్రి సిరంజితో కొలిచి పోయండి. కళ్లతో అంచనా వేసి పోస్తే ఎప్పుడూ ఎక్కువే పడుతుంది.

ఆకుల మీది నీరు ఆరేవరకు కొన్ని గంటలు మూత తెరిచి ఉంచి, తరువాత బిగించండి. అప్పుడు మూతతో సహా సీసాను వంటింటి తూకం మీద పెట్టి బరువు రాసుకోండి. ఇక్కడి నుంచి బరువు ఎంత తగ్గితే అంత నీరు బయటికి పోయినట్టే: 10 గ్రాములు తగ్గితే 10 మిల్లీలీటర్లు. మూసిన సీసాలో మొక్క పెరిగినా మొత్తం బరువు దాదాపు మారదు. అందుకే తడి గురించి ఊహాగానాలకు చోటివ్వని కొలత ఇదొక్కటే.

## 5. మొదటి నెల: గాజు మీది చెమ్మ ఏం చెబుతుంది

సరైన తడి ఉన్న సీసాలో తెల్లవారుజామున చల్లటి వైపు, పై భాగంలో చెమ్మ కనిపిస్తుంది. మధ్యాహ్నానికి గాజు తేటపడి మొక్కలు స్పష్టంగా కనపడతాయి. రోజూ ఇలా జరుగుతుంటే ముట్టుకోవద్దు.

నాలుగు వైపులా రోజంతా మంచు కమ్మి, చుక్కలు ధారగా కారుతుంటే నీరు ఎక్కువ. మూడు నాలుగు రోజులు ఎక్కడా చెమ్మ లేక, పైమట్టి రంగు తేలిపోయి, సీసా బరువూ తగ్గితే నీరు తక్కువ. అప్పుడు తగ్గిన బరువుకు సరిపడా మాత్రమే పోయండి.

ఏసీ గదిలో ఈ గుర్తులు తారుమారవుతాయి. ఏసీ వేసినప్పుడు గాజు చల్లబడి లోపల చెమ్మ పెరుగుతుంది, అది నీరు ఎక్కువైన గుర్తు కాదు. ఏసీ ఆపి తలుపు తీయగానే గదిలోని తడి గాలి చల్లటి గాజుకు తగిలి బయటివైపు మంచు పడుతుంది. ముందు వేలితో రాసి చూడండి: గీత పడితే చెమ్మ బయట ఉంది, దానికీ మీ నీళ్లకూ సంబంధం లేదు.

ఫిట్టోనియా వాలిపోగానే నీళ్లు పోయడం మరో పొరపాటు. దాహానికీ అది వాలుతుంది, వేరు కుళ్లినా వాలుతుంది. కాడ మొదలు పట్టుకుని చూడండి. గట్టిగా, ఆకుపచ్చగా ఉంటే దాహం. మెత్తబడి గోధుమ రంగుకు తిరిగితే కుళ్లు, దానికి నీరే విషం.

## 6. ఎక్కువైన నీటిని తీయడం: అమలాపురం సీసా

ఆగస్టులో అమలాపురంలోని ఒక బంధువుల ఇంట్లో చూసిన సీసా ఇది. ఇదే 5 లీటర్ల కొలత. రోజంతా గాజు తెల్లగా కమ్ముకుని ఉంది, లోపలి కొయ్యముక్క మీద బూజు, ఒక ఫిట్టోనియా కాడ మెత్తబడింది. వాళ్లు వారం రోజులుగా పొద్దున గంట, సాయంత్రం గంట మూత తీస్తున్నారు. ఏమీ మారలేదు.

కారణం లెక్కలో ఉంది. 30 డిగ్రీల దగ్గర ఘనమీటరు గాలి సుమారు 30 గ్రాముల నీటి ఆవిరిని పట్టుకోగలదు. సీసాలో ఖాళీ గాలి 3 లీటర్లనుకుంటే అందులో ఉండే ఆవిరి 0.09 గ్రాములు, అంటే సుమారు రెండు చుక్కలు. మూత తీయగానే పోయేది అంతే. ఆపైన మట్టి నుంచి నీరు ఆవిరై పోతూ ఉండాలంటే బయటి గాలి పొడిగా ఉండాలి. వానాకాలంలో గదిలో తేమ 85 శాతం ఉంటే ఆ ఆవిరి కావడం చాలా నెమ్మది. 50 శాతం తేమ ఉన్న ఏసీ గదిలో ఇంచుమించు మూడు రెట్లు వేగంగా జరుగుతుంది.

సీసాను పక్కకు వంచి చూస్తే రాళ్ల మధ్య నీరు కనిపించింది, నిలబెట్టినప్పుడు సుమారు సెంటీమీటరు ఎత్తు. 18 సెంటీమీటర్ల వ్యాసానికి అడుగు వైశాల్యం దాదాపు 254 చదరపు సెంటీమీటర్లు. రాళ్ల మధ్య ఖాళీ పదిలో నాలుగు వంతులు అనుకుంటే అడుగున నిలిచింది 100 మిల్లీలీటర్ల నీరు. పైనుంచి ఎంత ఆరబెట్టినా ఈ మడుగు మళ్లీ తడిని అందిస్తూనే ఉంటుంది.

అప్పుడు చేసిన పనులు వరుసగా ఇవి:

1. సీసాను ఒక పక్కకు వంచి, అంచున మట్టి పక్కకు జరిపి సన్నటి గొట్టాన్ని అడుగు వరకు దించి, 20 మిల్లీలీటర్ల సిరంజితో నీరు లాగాం. ఐదుసార్లు నిండాక గాలి రావడం మొదలైంది. గొట్టాన్ని అక్కడే ఉంచేశాం.
2. గాజు లోపలి చెమ్మను కర్ర చివర చుట్టిన పొడి నూలుగుడ్డతో తుడిచాం. తుడిచి పిండిన ప్రతి చుక్కా సీసాలోంచి శాశ్వతంగా పోయినట్టే. వరుసగా కొన్ని రోజులు పొద్దున్నే తుడవమని చెప్పాం.
3. మెత్తబడిన ఫిట్టోనియాను వేరుతో సహా తీసేశాం. దాని పైకొమ్మ గట్టిగా ఉంటే తుంచి వేరే చోట గుచ్చాం.
4. రాత్రిపూట ఏసీ వేసే గదిలో మూత తీసి ఉంచి, పొద్దున్నే మూశారు.

వారం తిరిగేసరికి మధ్యాహ్నాలు గాజు తేటపడింది. అప్పుడు బరువు తూచి, అదే కొత్త ప్రామాణికంగా సీసా అడుగున చీటీ అంటించాం. ఏసీ లేని ఇంట్లో నాలుగో పనికి బదులు ఫ్యాను కింద మూత తీసి ఉంచి, తుడవడం ఇంకొన్ని రోజులు సాగించండి. సమయం ఎక్కువ పడుతుంది గానీ ఫలితం అదే.

## 7. బూజు: ఏది వదిలేయాలి, ఏది ఆపాలి

తెల్లగా కనిపించేదంతా ఒకటి కాదు. కొయ్య మీద, కొబ్బరి పొట్టు మీద, రాలిన ఆకు మీద దూదిలా లేచే తెల్ల బూజు చాలా కొత్త సీసాల్లో మొదటి మూడు నాలుగు వారాల్లో వస్తుంది. అది చచ్చిన పదార్థాన్ని తింటోంది, మొక్కకు హాని లేదు. మేత అయిపోగానే తగ్గుతుంది. గాజు మీద, మట్టి మీద గరుకుగా గట్టిగా ఉన్న తెల్లటి పొర బూజే కాదు, నీటిలోని ఉప్పు. బతికి ఉన్న ఆకు మీదా కాడ మీదా బూడిదరంగు నూగు కనిపిస్తే మాత్రం ఆ రోజే కదలాలి.

బూడిదరంగు బూజు పట్టిన కొమ్మను దాని కింద ఒక అంగుళం మంచి భాగంతో సహా కత్తిరించి, కదిలించకుండా బయటికి తీయండి. కత్తెరను ప్రతి కోతకూ స్పిరిట్‌తో తుడవండి. కొయ్య మీది బూజు చూడ్డానికి బాగాలేదనుకుంటే హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో ముంచిన దూదితో అద్దండి. మందుల దుకాణంలో ఎక్కువగా దొరికేది 6 శాతానిది. దాన్ని సమానంగా నీళ్లు కలిపి 3 శాతానికి తెచ్చి వాడండి. చల్లవద్దు, అద్దడమే. దాల్చినచెక్క పొడి చల్లమని చాలామంది చెబుతారు. కోసిన కాడ మీద చిటికెడు రాస్తే తప్పులేదు, మట్టి నిండా చల్లితే అదే తడిసి బూజు పడుతుంది. వేపనూనె మూసిన సీసాలో వద్దు, ఆకుల మీద జిడ్డు పొర ఆరదు.

దీర్ఘకాలానికి నాకు నమ్మకమైన ఉపాయం స్ప్రింగ్‌టెయిల్ అనే చిన్న పురుగులు. మిల్లీమీటరు, రెండు మిల్లీమీటర్ల పొడవుండే తెల్లటి జీవులు. బూజును, కుళ్లిన ఆకును తింటాయి, బతికున్న మొక్క జోలికి సాధారణంగా పోవు. నీడలో చాలాకాలంగా తడిసిన కొబ్బరి డొక్క కింద, పూలకుండీ అడుగు పళ్లెంలో వెతకండి. ఆ చోటి మట్టిని గిన్నెడు నీళ్లలో వేస్తే ఇవి పైకి తేలి, తాకితే ఎగురుతాయి. చీమలు, ఎర్రనల్లి, ఇతర పురుగులు పడకుండా చెంచాతో తేలినవాటినే తీయండి.

వెంటనే సీసాలో వేయకండి. మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో బొగ్గుముక్కలు వేసి, సగం మునిగేలా నీళ్లు పోసి, వాటి మీద వదలండి. వారానికి నాలుగైదు బియ్యపు గింజలు మేతగా చాలు. గింజల మీద వచ్చే బూజును అవి తినేస్తాయి. మూత రెండు రోజులకోసారి తీసి మూయండి. డబ్బా నిండా తెల్లగా కదులుతున్నప్పుడు ఒక బొగ్గుముక్కను సీసా మీద పట్టుకుని దులపండి. పెరాక్సైడ్ తగిలితే ఇవి చస్తాయి కాబట్టి ఆ రెండూ ఒకే వారంలో చేయవద్దు.

## 8. కుదురుకున్నాక చేయవలసినవి

నెలకోసారి:

- బరువు తూచండి. 30 గ్రాములకు మించి తగ్గితేనే నీళ్లు, అదీ తగ్గినంతే. ప్రతి నెలా అంత తగ్గుతుంటే మూత సరిగా పట్టడం లేదు, రబ్బరు వలయం మార్చండి.
- గాజును తాకుతున్న కొమ్మలు కత్తిరించండి. తుంపులు లోపల వదలవద్దు.
- రాలిన ఆకులు పట్టుకారుతో ఏరండి.
- వాసన చూడండి. వాన పడ్డ మట్టి వాసన మంచిది. మురుగు వాసన వస్తే అడుగున నీరు నిలిచింది, గొట్టంతో లాగండి.
- సీసాను పావు వంతు తిప్పండి.

ఎరువు వేయవద్దు, మొదటి ఏడాదంతా.

ఏప్రిల్ మొదటి వారంలో సీసాను ఇంట్లోకెల్లా చల్లటి గదికి మార్చండి. పెంకుటింట్లో నడిమి గది, డాబా ఇంట్లో కింది అంతస్తు. టేబుల్ మీద కంటే నేల మీద చల్లగా ఉంటుంది. డాబా కప్పు కింది గదిలో అలమర పై అరలో మాత్రం పెట్టవద్దు. దీపం వాడుతుంటే వెలుగు వేళను తెల్లవారుజాముకు, రాత్రికి మార్చండి. వడగాడ్పుల రోజుల్లో ఫిట్టోనియా కొత్త ఆకులు చిన్నవిగా, పాలిపోయినట్టుగా వస్తాయి. అప్పుడు నీళ్లు పోయవద్దు, కత్తిరించవద్దు. సీసా చుట్టూ తడిగుడ్డ చుట్టి, మూతకు మాత్రం గుడ్డ చుట్టకుండా వదిలి, ఫ్యాను గాలి తగిలే చోట ఉంచితే గాజు రెండు మూడు డిగ్రీలు చల్లబడుతుంది. వెలుతురు తగ్గుతుంది కాబట్టి ఎండ మండే మధ్యాహ్నం వేళల్లోనే చుట్టి, సాయంత్రం తీసేయండి. జూన్ చివర వానలు కుదురుకున్నాక, అప్పటి బరువును పాత చీటీతో పోల్చి చూసి, తరువాతే సీసాను మళ్లీ కిటికీ దగ్గరికి తీసుకురండి.